జంట వెంట జంట

పదములతో నాడుకొను వినోదములలో మిగుల చిన్నదియు, మిగుల మొండిదియు నగు నొకదానిని గూర్చి యీ సంచికలో వ్రాయ దలంచితిమి. దీనికి పలకయు బలపమును గూడ నక్కఱలేదు. నియమ మొక్కటియే. ఒక పదములో నొక అక్షరము జంటగా రావలెను. ఆ జంట ముగిసిన వెంటనే, నడుమ మఱే అక్షరమును చొరకుండ, వేఱొక అక్షరపు జంట రావలెను. రెండు జంటలును ఒకే అక్షరమువి కారాదు. ఇట్టి పదములను వెదకి తెండని శనివారపు చివరి గంటలో మేము మా తరగతి పిల్లల నడుగుచుందుము.

ఈ వినోదము ఇంగ్లీషు పదములతో నాడుకొనువారికి సుపరిచితము. కావున మొదట నా భాషలోనే చూతము. 'బెలూన్' అను పదమును అక్షరము లక్షరములుగా చెప్పినచో బి, ఎ, ఎల్, ఎల్, ఓ, ఓ, ఎన్ అని వచ్చును. ఎల్ జంట ముగియగనే ఓ జంట వచ్చినది. 'కాఫీ' యన్నచో సి, ఓ, ఎఫ్, ఎఫ్, ఇ, ఇ. ఇదియును సరిపోయినది. 'సక్సెస్' అనుదానిలో ఎస్, యు, సి, సి, ఇ, ఎస్, ఎస్ అని రెండు జంటలున్నవి గాని, నడుమ నొక ఇ నిలిచి వానిని విడదీసినది. కావున నది పనికిరాదు. దాని చుట్టమగు 'సక్సీడ్' మాత్రము ఎస్, యు, సి, సి, ఇ, ఇ, డి అని నెగ్గును. విజయమను నామవాచక మోడిపోయి, విజయము నొందుట యను క్రియ గెలిచెనని పిల్లలు నవ్వుకొనిరి. 'కమిటీ' యను పదములో మూడు జంటలున్నవి: సి, ఓ, ఎమ్, ఎమ్, ఐ, టి, టి, ఇ, ఇ. అందు మొదటి జంట ఐ చేత తెగిపోయినను, కడపటి రెండును ఒకదాని నొకటి యంటియున్నవి గనుక కమిటీకిని చోటు దొరకినది.

ఈ పంక్తికి రాజు వంటి పదము 'బుక్‌కీపర్'. జమాఖర్చులు వ్రాయువానికి అది పేరు. బి, ఓ, ఓ, కె, కె, ఇ, ఇ, పి, ఇ, ఆర్ అని చెప్పి చూడుడు. మూడు జంటలు, మూడును వేఱువేఱు, నడుమ సందు లేదు. ఇంగ్లీషులో నిట్టి పదము చూపుమన్న నెల్లరును మొదట దీనినే చూపుదురు.

ఇట్టి పదములను ఇరువది ముప్పది ప్రోగుచేసి పలకపై వ్రాసి చూచినచో, అవి రెండు తెగలుగా నేర్పడుట కానవచ్చును. ఒక తెగ యతుకు గల పదములు. బుక్‌కీపర్ అనునది బుక్, కీపర్ అను రెండు మాటల యతుకు. మొదటిమాట కె తో ముగిసినది, రెండవమాట కె తో మొదలైనది. ఆ రెండును కలియుటచే నడిమి జంట పుట్టినది. ఒకే గదిలో నివసించు తోడివానిని 'రూమ్‌మేట్' అందురు. అందును రూమ్, మేట్ కలిసినచోట ఎమ్ జంట యేర్పడినది. ఆసక్తి యను నర్థము గల 'కీన్‌నెస్' అను మాటలో ఎన్ జంటయు నిట్టిదే. రెండవ తెగ, అతుకు కానరాని పదములు. అందు పెక్కులు పరభాషలనుండి వచ్చిన యతిథులు. కాఫీ అరబ్బీ భాషలో పుట్టి తురుష్కుల నోట బడి యూరపు చేరిన మాట. పచ్చబొట్టు నకు పేరగు 'టాటూ' 18వ శతాబ్దిలో పసిఫిక్ ద్వీపవాసుల భాషలనుండి వచ్చినది. సిపాయిలు మోకాలి దిగువ చుట్టుకొను బట్టకు పేరైన పి, యు, టి, టి, ఇ, ఇ అను మాట మన దేశపు 'పట్టీ'యే. ఇట్టివానిని జ్ఞాపకముంచుకొనుటయే గాని విడదీసి నేర్చుకొనుటకు దారి లేదు.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. ఇంగ్లీషులో జంట యక్షరము కంటికే గాని చెవికి కాదు. కాఫీలో ఎఫ్ రెండుమార్లు వ్రాసినను నోట నొక్కటియే పలుకును. అందుచేతనే మనము దానిని తెలుగులో వ్రాయునపుడు 'కాఫీ' అనియే వ్రాయుదుము. 'కాఫ్ఫీ' యని వ్రాయము. కాని బుక్‌కీపర్, రూమ్‌మేట్ అను మాటలను మెల్లగా పలికి చూడుడు. అతుకు గల చోట నాలుకయో పెదవియో ఒక్క క్షణ మెక్కువగా నిలిచియుండును. అనగా ఇంగ్లీషులో హల్లు నిజముగా ద్విత్వముగా వినబడు చోటు దాదాపుగా అతుకు చోటే. చెవి అతుకును పట్టుకొనును, కన్ను పట్టుకొనలేదు.

అతుకు చోట నక్షరము పోవుటయు గలదు. పదునెనిమిదికి పేరగు 'ఎయిటీన్' అనునది ఎయిట్, టీన్ అను రెంటి యతుకే. మొదటిది టి తో ముగియును, రెండవది టి తో మొదలగును. రెండు టి లును నిలిచియుండినచో, వాని వెంట ఇ జంటయు నుండుటచే, ఈ మాటయు మన పంక్తిలో కూర్చుండియుండెడిది. కాని వ్రాతలో నొక టి లోపించినది; ఇ, ఐ, జి, హెచ్, టి, ఇ, ఇ, ఎన్ అని మాత్రమే మిగిలినది. ఈ యుదాహరణమును చదువరులు మనసునం దుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని తోబుట్టువు తెలుగులో నొకటి రాబోవుచున్నది.

ఇక తెలుగు. మన లిపిలో అచ్చు హల్లుతో కలిసి యొకే అక్షరముగా నుండును. కావున 'జంట వెంట జంట' యనగా, ఒక ద్విత్వాక్షరమును ఆనుకొని మఱియొక ద్విత్వాక్షరము వచ్చుట యని మేము నిర్ణయించుకొంటిమి. 'అక్కయ్య' యన్నచో క్క, వెంటనే య్య. ఇది సరియైనది. 'అమ్మమ్మ' యన్నచో మ్మ వెంట మ్మ. జంటలు వేఱు కావు గనుక త్రోసివేయవలెను. 'వెల్లుల్లి'కిని అదే గతి. 'మెట్టినిల్లు' అనుదానిలో ట్టి, ల్లు ఉన్నవి గాని నడుమ ని నిలిచినది. అది సక్సెస్ వంటిది. 'పుట్టిల్లు' మాత్రము సక్సీడ్ వలె నెగ్గును. 'సన్నద్ధము' అనుదానిని తెచ్చినవారు మోసపోయినట్లే. న్న సరియే గాని, ద్ధ యనునది ద కింద ధ చేరిన సంయుక్తాక్షరము; ద కింద ద కాదు. కంటికి కవలలవలె దోచినను అవి కవలలు గావు.

తెలుగులో నీ వినోదమును కన్నులు మూసికొనియు నాడవచ్చును. మన ద్విత్వములన్నియు చెవికి వినబడునవే. అంతేకాదు, ద్విత్వమునకు ముందున్న యక్షరము గురువగునని ఛందస్సు నేర్చిన పిల్ల లెఱుగుదురు. 'బొబ్బట్టు' అను మాటలో బ్బ ముందున్న బొ గురువు. ట్టు ముందున్న బ్బ గురువు. కడపటి ట్టు లఘువు. గురువు, గురువు, లఘువు కలిసినచో తగణము. కావున మూడక్షరములు గలిగి హ్రస్వముతో ముగియు నిట్టి పదములన్నియు తగణములే కావలెను. చేతితో తట్టి చూచినపుడు రెండు బరువైన దెబ్బలును ఒక తేలిక దెబ్బయు రానిచో, ఆ మాటను పరీక్షింప నక్కఱయే లేదు. తగణములన్నియు మన పదములు కాకపోవచ్చును గాని, మన పదము తగణము కాకపోవుట లేదు.

వెదకు విధానమును గూడ చెప్పెదము. ఊరక కూర్చుండి యాలోచించినచో నాలుగైదు మాటలకంటె తోపవు. తెలుగుమాట ద్విత్వముతో మొదలు కాదు. రెండవమాటలో ద్విత్వమున్నచో నది రెండవ యక్షరమందో, ఆపైననో ఉండును. దాని మొదటి యక్షరము హల్లుతో కూడినదైనచో, ఆ యక్షరము నడుమ నిలిచి జంటలను విడదీయును. పిల్లి, మొగ్గ కలిసి 'పిల్లిమొగ్గ' యైనపుడు మొ యడ్డుపడినట్లు. కాని రెండవమాట అచ్చుతో మొదలైనచో, ఆ యచ్చు మొదటిమాట చివరి యక్షరములో చేరిపోవును, అడ్డు తొలగును. కావున అచ్చుతో మొదలై వెంటనే ద్విత్వము గల మాటలను ఒక ప్రక్క వ్రాసికొనవలెను: అన్న, అక్క, అమ్మ, అయ్య, అట్టు, ఇల్లు, ఎక్కు, ఎత్తు, ఎఱ్ఱ, అన్నము. ద్విత్వముతో ముగియు మాటలను రెండవ ప్రక్క వ్రాసికొనవలెను: గట్టు, పుట్టు, దుమ్ము, కన్ను, పప్పు, పుల్ల, పెద్ద, చిన్న. ఈ రెండు వరుసలను జోడించి, ఏది నిజముగా వాడుకలో నున్నదో చూచుకొనవలెను.

గట్టు, ఎక్కు కలిసి గట్టెక్కు. పప్పు, అన్నము కలిసి పప్పన్నము. దుమ్ము, ఎత్తు కలిసి దుమ్మెత్తు. దుమ్మెత్తిపోయుట యందురు గదా. కన్ను, ఎఱ్ఱ కలిసి కన్నెఱ్ఱ. పుల్ల, అట్టు కలిసి పుల్లట్టు. పెద్ద, అన్న కలిసి పెద్దన్న. వీనిలో ఉకారము పోయిన చోట ఉత్వసంధియు, అకారము పోయిన చోట అత్వసంధియు నని పిల్లలు తమంతట తామే చెప్పగలిగిరి. సూత్రమును వల్లించునపుడు తడబడు బాలుడు సహితము పుల్లట్టును విడదీయుటకు తడబడలేదు.

ఇంతవఱకు చెప్పినవానిలో రెండు జంటలును ముందే సిద్ధముగా నున్నవి. అతుకు వాని నడుమ బడినది. మఱికొన్నింట అతుకే జంటను పుట్టించును. 'నట్టిల్లు' అను మాట యిందుకు మంచి యుదాహరణము. ఇల్లు అనుదానిలో ల్లు ఉన్నది. నడు అనుదానిలో జంట యేమియు లేదు. ఈ రెండును కలియునపుడు డకారము పోయి ట్ట వచ్చి నట్టిల్లు అగుచున్నది. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమునందు కుఱు, చిఱు, కడు, నడు, నిడు అను నైదు శబ్దములకు ఈ మార్పును చెప్పియున్నాడు. చిట్టెలుక, నిట్టూర్పు అనునవియు నీ తెగవే గాని, వానిలో రెండవ జంట లేదు. త్రికసంధియు నిట్లే మొదటి జంటను పుట్టించును. ఈ, చెట్టు కలిసి ఇచ్చెట్టు. ఆ, పిల్ల కలిసి అప్పిల్ల. ఇచ్చట రెండవమాట హల్లుతోనే మొదలైనను, ఆ హల్లే జంటయై కూర్చుండుటచే అడ్డు లేదు.

కొన్నింట రెండవ జంట బహువచనములో పుట్టును. వెక్కిలి యొక్కటి, అవి పెక్కైనచో వెక్కిళ్ళు. లి మీద లు చేరి ళ్ళు అయినది. ఏకవచనములో నెగ్గని మాట బహువచనములో నెగ్గినది. 'కన్నీళ్ళు' అనుదాని కథ యింకను విచిత్రము. కన్ను, నీరు కలిసినపుడు న్ను లో రెండు నకారములు, నీ లో నొకటి, వెరసి మూడు నకారములు గుమిగూడవలసినది. కాని నిలిచినవి రెండే, కన్నీరు. ఎయిటీన్‌లో నొక టి పోయినట్లే యిచ్చట నొక న పోయినది. అచ్చట నొకటి పోవుటచే జంటయే చెడినది; ఇచ్చట నొకటి పోయినను జంట మిగిలినది. మన యదృష్టము. ఆపై బహువచనము చేరి రు లు రెండును ళ్ళు కాగా కన్నీళ్ళు సిద్ధమైనది.

ఇందొక చిక్కు గలదు. నేటి పత్రికలలో పెక్కు చోట్ల 'కన్నీళ్లు' అని ళ కింద ల యొత్తుతో అచ్చువేయుచున్నారు. అట్లు వ్రాసినచో అది జంట కాదు, రెండు వేఱు అక్షరముల కలయిక. ఒక బాలుడు పత్రికను చేతబట్టి వచ్చి, "మాస్టరుగారూ, ఇది చెల్లదండీ" అని వాదించెను. వాని వాదము వ్రాతను బట్టి సరియే. కాని ఆ మాటను వానిచేతనే పలికించి, ళకారము రెండుమార్లు వినబడుట లేదా యని యడిగితిమి. వినబడుచున్నదని యొప్పుకొనెను. తెలుగులో నీ యాటకు న్యాయాధిపతి చెవియే గనుక ఆ మాటను నిలుపుకొంటిమి. అయినను, ల యొత్తుతో వ్రాసినవానిని తప్పుపట్టలేదు.

'నాన్నమ్మ' విషయములో చెవియే ప్రతికూలమైనది. నాన్న, అమ్మ కలిసిన నాన్నమ్మలో న్న, మ్మ రెండును గలవు. కాని యనేకుల నోట అది 'నానమ్మ' యైనది. ఒక జంట జారిపోయినది. మా తరగతిలో సగముమంది ఒక విధముగను, సగముమంది మఱియొక విధముగను పలికిరి. ఎవరి యింట నెట్లు పిలుతురో వారికి ఆ నిర్ణయము వర్తించునని తీర్పు చెప్పితిమి.

అంతకంటె పెద్ద వివాదము నియమమును గూర్చియే పుట్టినది. సంధి చేసికొనుచు పోయినచో తెలుగులో దేనితో దేనినైనను కలుపవచ్చును. 'చెట్టెక్కెను', 'బల్లెత్తెను' అనుచు వాక్యములనే పదములుగా తెచ్చినచో ఆటకు హద్దుండదు. కావున నిఘంటువులో నున్న మాటయే చెల్లవలెనని తెలివిగల బాలుడొకడు ప్రతిపాదించెను. వాని యింట పెద్ద నిఘంటువు గలదు. తరగతిలో చాలమంది తలలూచిరి. అప్పుడు వసతిగృహములో నుండు నొక బాలిక లేచి నిలుచుండెను. సాధారణముగ నా గంటలో నోరు మెదపని పిల్ల. "మా చిన్నక్కయ్య నిఘంటువులో ఉండదండీ" అనెను.

తరగతి నవ్వెను. మేము నవ్వలేదు, ఆ మాటను నల్లబల్లపై వ్రాసితిమి. చిన్నక్కయ్య. న్న, క్క, య్య. మూడు జంటలు, మూడును వేఱువేఱు, నడుమ సందు లేదు. అప్పుడు పిల్లలకు దెలిసినది, ఇంగ్లీషువా రంత గొప్పగా చూపుకొను బుక్‌కీపర్ వంటి మాట తమ యింట దినమునకు పదిమార్లు పిలువబడుచున్నదని. వెంటనే నలుదిక్కులనుండి పెద్దన్నయ్య, పెద్దక్కయ్య, చిన్నత్తయ్య యని కేకలు వచ్చినవి. ఒక్కొక్కటియు మూడేసి జంటలు గలదే. 'చిన్నన్నయ్య' యని యొకడు తెచ్చెను గాని అందు న్న వెంట న్న వచ్చినది. వాని తోటివారే దానిని కొట్టివేసిరి.

నిఘంటువు నియమము నిలిచినచో, ఇంట నిఘంటువు గలవారే గెలుతురు; ఇంటి మాటలు మాత్రమే గలవారు ఓడుదురు. నియమమే లేనిచో ఆట చెడును. కావున మూడవ నియమమును తరగతియే చేసికొనినది: ఒకని గాని, ఒక వస్తువును గాని, ఒక పనిని గాని చెప్పునపుడు నడుమ ఆగక ఒక్క ఊపిరిలో పలుకునదియు, విడదీసినచో ఆ యర్థమే మారిపోవునదియు నైన మాట చెల్లును. దీని ప్రకారము గట్టెక్కు చెల్లును. ఏలయన, పరీక్షలో గట్టెక్కినవాడు నిజముగా నే గట్టును ఎక్కలేదు. చెట్టెక్కు చెల్లదు; చెట్టెక్కినవాడు చెట్టునే యెక్కెను. చిన్నక్కయ్య చెల్లును, ఆమె పొడవున చిన్నది కానక్కఱలేదు, అక్కలలో చిన్నది. 'పెద్దన్నయ్యిల్లు' అని నాలుగు జంటలతో వచ్చినవాడు మాత్రము ఓడిపోయెను. అది పెద్దన్నయ్య యొక్క యిల్లే గాని వేఱొక వస్తువు కాదు.

ఈ నియమము మాకు వేఱొక మేలును చేసినది. విడదీసినచో అర్థము మారు మాటలను వెదకుటలో పిల్లలు మాటల లోపలి బొమ్మలను చూడసాగిరి. గట్టెక్కుట యనగా ఏటిలో కొట్టుకొనిపోవువాడు ఒడ్డు చేరుట. కన్నెఱ్ఱ చేయుట యనగా కోపముచే కన్ను ఎఱ్ఱబారుట. 'పల్లెత్తు' మాటను మాత్ర మెల్లరును తప్పుగానే విడదీసిరి: పల్లె, ఎత్తు అనిరి. ఊరును ఎత్తుటెట్లు? పల్లు అనగా దంతము. పల్లెత్తుట యనగా పెదవి విప్పి పలుకుట. పల్లెత్తు మాటయైన నాడలేదన్నచో, పండ్లు కనబడునంతగా నైనను నోరు తెఱువలేదని భావము. బొబ్బట్టు ఒక్కటి మాత్రము మాకు లొంగలేదు. చివర అట్టు ఉన్నట్లు తోచును గాని, మొదట మిగులు బొబ్బకు కేక యనియు, పొక్కు అనియు నర్థములు. అవి తీపివంటకు పొసగవు. కన్నడమువారు దానినే ఒబ్బట్టు అందురు. అందును రెండు జంటలు గలవు. అతుకు కనబడనిచో లేని యతుకును కల్పింపరాదని ఆ మాటను కాఫీ ప్రక్కన వేఱుగా నుంచితిమి.

వ్రాతలో గూడ దీని ఫలము కనబడినది. రెండు జంటలు వరుసగా వచ్చినపుడు పిల్లలు తఱచుగా నొకదానిని మ్రింగివేయుదురు. 'గటెక్కితిని' అనియు, 'పపన్నము' అనియు వ్రాయుదురు. ఇంగ్లీషులోను రూమ్‌మేట్‌కు ఒక ఎమ్, బుక్‌కీపర్‌కు ఒక కె తగ్గించి వ్రాయుదురు. ఎఱ్ఱసిరాతో దిద్దినంతమాత్రమున నిది మానదు. ఆ మాట క్రింద దాని రెండు ముక్కలను విడివిడిగా వ్రాయింపవలెను: గట్టు, ఎక్కు, రూమ్, మేట్. గట్టు అను మాటను 'గటు' అని వ్రాయువాడు మా తరగతిలో నొక్కడును లేడు. ముక్కలలో నున్న జంటలు అతుకులోను ఉండితీరవలెనని వానికే తెలియును. అతుకు లేని కాఫీ వంటివానిని మాత్రము నాలుగుమార్లు వ్రాయించుటకంటె వేఱు దారి లేదు.

ఆ బాలిక ఆ దినమున వసతిగృహమునుండి తన యింటికి వ్రాసిన ఉత్తరమును మాకు చూపినది. పై చిరునామాలో అక్కగారి యసలు పేరు వ్రాసి, లోపల మొదటి పంక్తిలో చిన్నక్కయ్యకు అని వ్రాసి, మూడు జంటల క్రిందను మూడు గీతలు గీసినది. ఇది యేమని అక్క యడుగునని, తాను సెలవులలో చెప్పుదునని యనెను.

ఈ సంచిక చదువు పిల్లలకు మూడు పనులు విడిచిపెట్టుచున్నాము. ఇన్నాళ్ళు, ముప్పొద్దు, అత్తయ్య అను మూడు మాటలలో అతుకు ఎచ్చట నున్నదో, ఏ జంట ముందే యున్నదో, ఏ జంట అతుకు చోట బుట్టినదో కనుగొనుడు. పిదప మీ యింటి పెద్దల నడిగి, వంటయింటి మాటలలో నిట్టివి రెండైనను తెండు. కడపట, పై నియమమునకు లోబడి, నాలుగు వేఱువేఱు జంటలు వరుసగా గల మాట యొకటి తెండు. ఇంతవఱకు మా తరగతిలో నెవరును దానిని తేలేదు.